ఔన్సు బంగారం తవ్వితే చేతికి మిగిలేదెంత?

2024 అక్టోబరు 23న అంతర్జాతీయ మార్కెట్లో ఔన్సు బంగారం 2,700 డాలర్లు దాటి, అప్పటిదాకా ఎన్నడూ చూడని ధర పలుకుతోంది. ఆ రోజు మార్కెట్ ముగిశాక, ప్రపంచంలోనే అతి పెద్ద బంగారు గనుల కంపెనీ న్యూమాంట్ జులై–సెప్టెంబరు త్రైమాసిక ఫలితాలు ప్రకటించింది. నికర లాభం 92 కోట్ల డాలర్లు. అంతకు ముందు ఏడాది ఇదే మూడు నెలల్లో వచ్చిన లాభం 16 కోట్లే. అంటే లాభం ఐదు రెట్లు దాటింది. అయినా మర్నాడు ఆ కంపెనీ షేరు దాదాపు 15 శాతం కుప్పకూలింది. ఒక్కరోజులో అంతగా పడటం ఆ కంపెనీ చరిత్రలోనే అరుదు.

బంగారం ధర ఆకాశంలో ఉంది, లాభం పెరిగింది, మరి షేరు ఎందుకు పడినట్టు? విశ్లేషకులు వేసుకున్న అంచనాల కంటే లాభం కాస్త తక్కువగా వచ్చిన మాట నిజం. అయితే వాళ్లను బాగా కలవరపెట్టింది ఆ ప్రకటనలోని మరో అంకె: 1,611. ఒక్కో ఔన్సుకు కంపెనీ చెప్పిన ‘ఆల్ ఇన్ సస్టెయినింగ్ కాస్ట్’ అది, డాలర్లలో. మైనింగ్ వాళ్లు దీన్ని పొట్టిగా ఏఐఎస్‌సీ అంటారు. బంగారు గనుల షేర్లు కొనేవాళ్లు, ఆ షేర్లలో పెట్టే మ్యూచువల్ ఫండ్లలో డబ్బు దాచుకునేవాళ్లు ఫలితాల్లో ముందుగా చూసుకోవాల్సిన అంకె ఇదే. దీన్ని సరిగా చదవడం వస్తే, నికర లాభం చెప్పని సంగతులు చాలా తెలుస్తాయి. పైపైన చూసి వదిలేస్తే ఇదే అంకె మోసం కూడా చేస్తుంది.

ఈ లెక్క పుట్టి ఎంతో కాలం కాలేదు. 2013 జూన్‌లో వరల్డ్ గోల్డ్ కౌన్సిల్ దీనికి మార్గదర్శకాలు ప్రకటించింది. అంతకుముందు గనుల కంపెనీలు ‘క్యాష్ కాస్ట్’ అనే అంకె చెప్పేవి. గోల్డ్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ 1990లలో రూపొందించిన పద్ధతి అది. రాయి తవ్వడం, మిల్లులో ఆడించి బంగారం తీయడం, గని దగ్గర ఆఫీసు ఖర్చు, ప్రభుత్వానికి కట్టే రాయల్టీ లాంటివే అందులోకి వచ్చేవి. చూడటానికి చాలా తక్కువగా కనిపించేది. 2012 సంవత్సరానికి కెనడా కంపెనీ బారిక్ చెప్పిన క్యాష్ కాస్ట్ ఔన్సుకు 584 డాలర్లు. ఆ ఏడాది బంగారం సగటు ధర 1,600 డాలర్ల పైమాటే. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసినవారికి ఔన్సుకు వెయ్యి డాలర్లు మిగులుతున్నట్టు తోచేది. మరి ఆ వెయ్యి డాలర్లు ఏవి, డివిడెండ్లు ఏవి అని వాటాదారులు అడగడం మొదలుపెట్టారు. గనులున్న దేశాల ప్రభుత్వాలు కూడా, ఇంత లాభం వస్తుంటే మా వాటా ఇంతేనా అని పన్నులు పెంచే ఆలోచనలో పడ్డాయి. తక్కువ ఖర్చు చూపించి మెప్పు పొందుదామనుకున్న పరిశ్రమకు ఆ అంకే ఎదురు తిరిగింది. అదే 2012కు బారిక్ తానే లెక్కవేసి చెప్పిన ఏఐఎస్‌సీ 945 డాలర్లు. గని మారలేదు, సంవత్సరం మారలేదు. మధ్యలో తేలిన 361 డాలర్లు అంతకుముందు కూడా ఖర్చవుతున్నవే. ఆ ముఖ్యమైన అంకెలో కనిపించేవి కావు, అంతే.

ఆ తేడా ఎక్కడిదో లారీ ఓనర్లకు వేరే చెప్పక్కర్లేదు. విజయవాడ నుంచి నాగపూర్ లోడు వేసుకుని వెళ్లొస్తే డీజిలు, టోలు, డ్రైవరు బత్తా పోను ఇంత మిగిలిందని చెప్పుకోవచ్చు. కానీ ఏడాది తిరిగేసరికి టైర్లు మార్చాలి, ఇన్సూరెన్సు కట్టాలి, ఫిట్‌నెస్ చేయించాలి, ఇంజను పని చూపించాలి. ఇవి కూడా ట్రిప్పుల మీద పంచుకుంటేనే లారీ నిజంగా ఎంత సంపాదిస్తోందో తెలుస్తుంది. డీజిలు, బత్తాల లెక్క క్యాష్ కాస్ట్ అయితే, టైర్లూ ఇంజనూ కలుపుకున్నది ఏఐఎస్‌సీ. రెండో లారీ కొనడానికి పెట్టిన డబ్బు మాత్రం ఇందులో కలపరు. ఉన్న లారీ ఉన్నట్టు తిరగడానికి అయ్యేదే ఈ లెక్క.

ఇక గని దగ్గరికి వద్దాం. ఓపెన్ పిట్ గని అంటే మెట్లు మెట్లుగా దిగే పెద్ద గొయ్యి. బంగారమున్న రాయి పైకి తేలి ఉండదు. దాని మీదా చుట్టూ ఉన్న ఉత్త రాయిని ముందు తీసి పారబోయాలి. ఒక టన్ను ముడి ఖనిజం కోసం మూడు నాలుగు టన్నుల వ్యర్థ శిలను తొలగించే గనులు మామూలే. దీన్నే స్ట్రిప్పింగ్ అంటారు. ఈ ఏడాది తీసిన వ్యర్థ శిల కింద దొరికే ఖనిజం రెండేళ్ల తర్వాత మిల్లుకు వెళ్లొచ్చు. అందుకని అకౌంటింగులో ఈ ఖర్చులో కొంత భాగాన్ని పెట్టుబడిగా రాసి, తర్వాతి సంవత్సరాల్లో తరుగుదలగా తీసేస్తారు. లాభనష్టాల పట్టీలో ఆ ఏడాది అది పూర్తిగా కనబడదు. డంపర్లు మాత్రం తిరిగాయి, డీజిలు కాలింది, డబ్బు చేతులు మారింది. గని ఉత్పత్తిని నిలబెట్టడానికి అవసరమైన స్ట్రిప్పింగ్ ఖర్చునంతా, పెట్టుబడిగా రాసినా సరే, అదే ఏడాది ఏఐఎస్‌సీలోకి లాగుతారు.

మిల్లు నుంచి బయటికొచ్చే బురదది ఇలాంటి కథే. ఖనిజాన్ని పొడిచేసి, సయనైడు నీళ్లలో నానబెట్టి బంగారం లాగేశాక మిగిలే సన్నటి బురదను టెయిలింగ్స్ అంటారు. టన్ను రాయిలో బంగారం ఒకటి రెండు గ్రాములే కాబట్టి మిల్లులోకి వెళ్లిన రాయంతా దాదాపుగా బురదై బయటికొస్తుంది. దాన్ని నిలవచేయడానికి కట్ట కడతారు. బురద మట్టం పెరిగే కొద్దీ ఆ కట్ట ఎత్తు పెంచుకుంటూ పోవాలి. దానివల్ల ఒక్క గ్రాము బంగారం కూడా అదనంగా రాదు. కానీ కట్ట లేవకపోతే మిల్లు ఆపేయాల్సిందే. అరిగిపోయిన డంపరు స్థానంలో కొత్త డంపరు, భూగర్భ గనిలో తర్వాతి మట్టానికి దారి తవ్వడం, నడుస్తున్న గని పక్కనే ఖనిజం ఇంకా ఎంత దూరం ఉందో చూసే డ్రిల్లింగు, గని మూతపడ్డాక నేలను బాగుచేయడానికి ఏటా పక్కన పెట్టాల్సిన ఖర్చు, హెడ్ ఆఫీసు జీతాలు, అద్దె యంత్రాలకు కట్టే లీజు సొమ్ము, ఇవన్నీ కలిపి అమ్మిన ఔన్సుల సంఖ్యతో భాగిస్తే ఏఐఎస్‌సీ వస్తుంది. తవ్విన ఔన్సులతో కాదు, అమ్మిన ఔన్సులతో భాగించాలి. త్రైమాసికం చివర్లో పోతపోసిన కడ్డీలు రిఫైనరీకి వెళ్లే దారిలో ఉండిపోతే ఆ రెండు సంఖ్యలకూ తేడా వస్తుంది.

ఇంత వివరంగా చెప్పుకోవడానికి కారణం ఉంది. పేరులో ‘ఆల్ ఇన్’ అని ఉండటంతో అన్ని ఖర్చులూ ఇందులో ఉన్నాయని చాలామంది అనుకుంటారు. లేవు. ఆదాయపు పన్ను లేదు. అప్పుల మీద వడ్డీ లేదు. కొత్త గని కట్టడానికో, మిల్లు సామర్థ్యం పెంచడానికో పెట్టే డబ్బు లేదు. ఇంకో కంపెనీని కొన్న ఖర్చు లేదు. కొత్త ప్రాజెక్టుల ఖర్చు కలిపి చూపేందుకు ‘ఆల్ ఇన్ కాస్ట్’ అనే మరో అంకెను గోల్డ్ కౌన్సిలే అప్పుడే ప్రతిపాదించింది గానీ, కంపెనీలు దాని మీద అంత ఉత్సాహం చూపవు. ఫలితాల్లో పెద్ద అక్షరాల్లో కనిపించేది ఏఐఎస్‌సీయే.

న్యూమాంట్ అంకెలతోనే చూద్దాం. ఆ మూడు నెలల్లో కంపెనీ బంగారానికి రాబట్టిన సగటు ధర 2,518 డాలర్లు. ఏఐఎస్‌సీ 1,611. తీసేస్తే ఔన్సుకు 907 డాలర్లు. ఉత్పత్తి దాదాపు 16.7 లక్షల ఔన్సులు. రెండూ గుణిస్తే సుమారు 150 కోట్ల డాలర్లు. ఇదంతా కంపెనీ చేతికి వచ్చిందా అంటే, ఆ త్రైమాసికంలో పెట్టుబడి ఖర్చులన్నీ పోను మిగిలిన నగదు, అంటే ఫ్రీ క్యాష్ ఫ్లో, 76 కోట్ల డాలర్లు. సగం. రాగి, వెండి లాంటివి అమ్మగా వచ్చిన సొమ్ము కూడా ఆ 76 కోట్లలో కలిసే ఉంది. నా గుణకారం మోటు లెక్కే. భాగస్వామ్య గనుల ఔన్సుల నగదు అంతా కంపెనీ ఖాతాలో ఒకే చోట కనిపించదు, రావాల్సినవీ ఇవ్వాల్సినవీ త్రైమాసికానికో తీరుగా మారుతుంటాయి. అలా చూసినా, మిగతా సగంలో ఎక్కువ భాగం పోయింది పన్నులకూ వడ్డీలకూ కొత్త ప్రాజెక్టులకే. బంగారం ధరలోంచి ఏఐఎస్‌సీ తీసేసి ‘ఇదీ లాభం’ అని చెప్పే వీడియోలూ వ్యాసాలూ బోలెడు కనిపిస్తాయి. అది లాభం కాదు. పన్ను, వడ్డీ, విస్తరణ ఈ మూడింటికీ దొరికే మొత్తం అది. వాటాదారుడి వంతు ఆ తర్వాత వస్తుంది.

మరి షేరు ఎందుకు పడింది? అంతకుముందు త్రైమాసికంతో పోల్చండి. ఏప్రిల్–జూన్‌లో కంపెనీకి దక్కిన ధర 2,347 డాలర్లు, ఏఐఎస్‌సీ 1,562. మూడు నెలల్లో ధర 171 డాలర్లు పెరిగితే అందులో 49 డాలర్లను ఖర్చే మింగేసింది. బంగారు గనుల షేరు కొనేవాళ్లు బంగారమే కొనుక్కోకుండా ఈ షేర్ల దగ్గరికి వచ్చేది ఒకే ఒక ఆశతో. ధర 2,000 ఉండి ఖర్చు 1,500 అయితే మిగులు 500. ధర పది శాతం పెరిగి 2,200 అయిందనుకుందాం. ఖర్చు కదలకుండా ఉంటే మిగులు 700 అవుతుంది, అంటే 40 శాతం పెరుగుదల. బంగారం పది పెరిగితే లాభం నలభై పెరగాలి. ధరతో పాటే ఖర్చు కూడా 100 పెరిగిందంటే మిగులు 600 దగ్గరే ఆగిపోతుంది, ఆశించిన పెరుగుదల సగానికి సగం పోతుంది. గని మునిగిపోయే ప్రమాదాలు, సమ్మెలు, ప్రభుత్వాలతో పేచీలు ఇవన్నీ భరిస్తూ షేరు పెట్టుకున్నవాడు, ఆ సగం పోయిందని తెలిసినప్పుడు అమ్మేయక ఏం చేస్తాడు? అక్టోబరు 24న జరిగింది ఇదే. లాభం పెరిగింది సరే, బంగారం ధరకు తగ్గట్టు పెరగలేదని మార్కెట్ తేల్చింది.

ఖర్చు ఎందుకు పెరిగిందో కూడా ఆ ఫలితాల్లోనే ఉంది. పాపువా న్యూగినీ దీవుల్లో లిహిర్ అనే పెద్ద గని ఉంది. ఆ త్రైమాసికంలో అక్కడ ముందే అనుకున్న నిర్వహణ పనుల కోసం ప్లాంటు ఆపారు. దానికి తోడు కాంట్రాక్టు పనివాళ్ల ఖర్చులు పెరిగాయి. నిర్వహణ కోసం ప్లాంటు ఆపితే ఏఐఎస్‌సీ ఎలా ఎగబాకుతుందో ఒక ఊహా గనితో చూడొచ్చు. మూడు నెలలకు 15 కోట్ల డాలర్లు ఖర్చు, లక్ష ఔన్సుల అమ్మకం. ఔన్సుకు 1,500. ఒక నెల మిల్లు ఆగింది. డీజిలు, కరెంటు కొంత తగ్గినా జీతాలు ఆగవు, క్యాంపు ఖర్చు ఆగదు, పైగా మరమ్మతు బిల్లు కొత్తగా వచ్చి పడుతుంది. మొత్తం 14 కోట్లకు తగ్గిందనుకున్నా, ఔన్సులు 75 వేలే వచ్చాయి. ఔన్సుకు 1,867 డాలర్లు. గనిలో దుబారా ఏమీ జరగలేదు, మొత్తం ఖర్చు నిజానికి తగ్గింది. పెరిగింది ఔన్సు మీద పడే భారం.

అందుకే ఒక త్రైమాసికం ఏఐఎస్‌సీ చూసి కంపెనీకి తీర్పు చెప్పడం తొందరపాటే. అదే న్యూమాంట్, తర్వాతి మూడు నెలల్లో 19 లక్షల ఔన్సులు తీసింది, ఏఐఎస్‌సీ 1,463కు దిగింది. అక్టోబరులో భయపడి అమ్మినవారు తాత్కాలికమైన కారణాన్నీ, నిలిచిపోయే కారణాన్నీ విడదీసి చూడలేదా అంటే, పూర్తిగా అలా కూడా అనలేం. ప్లాంటు ఆగిన ఖర్చు మళ్లీ ప్లాంటు నడిస్తే పోతుంది. కార్మికుల జీతాలు ఒకసారి పెరిగితే తిరిగి దిగవు. ఆ ఏడాది మొత్తానికి కంపెనీ ఏఐఎస్‌సీ 1,516 డాలర్ల దగ్గర తేలింది. 2020లో అది 1,045. నాలుగేళ్లలో ఔన్సుకు 470 డాలర్లు పెరిగిందంటే అది ఏదో ఒక గని మరమ్మతు వల్ల కాదు. కరోనా తర్వాత డీజిలు, జీతాలు, సయనైడు, ఉక్కు అన్నీ ప్రియమయ్యాయి.

ఖర్చు పెరగడానికి ధరలే కాదు, రాయి కూడా కారణం. టన్నుకు ఒకటిన్నర గ్రాముల బంగారమున్న ఖనిజంలోంచి మిల్లు 90 శాతం లాగగలిగితే, ఒక ఔన్సుకు, అంటే 31.1 గ్రాములకు, 23 టన్నులు ఆడించాలి. గనిలో మంచి రాయి అయిపోయి టన్నుకు 1.2 గ్రాముల రాయి మొదలైతే అదే ఔన్సుకు దాదాపు 29 టన్నులు కావాలి. టన్ను తవ్వి ఆడించడానికి 50 డాలర్లనుకుంటే, ఔన్సు ఖర్చు 1,150 నుంచి 1,440కి వెళుతుంది. డీజిలు ధర పైసా పెరగకపోయినా సరే. మరో సంగతేమిటంటే, బంగారం ధర బాగా పెరిగినప్పుడు ఇలాంటి తక్కువ రకం రాయి కూడా గిట్టుబాటవుతుంది కాబట్టి కంపెనీలు కావాలనే దాన్ని మిల్లుకు పంపుతాయి. గని ఆయుష్షు పెరుగుతుంది, ఏఐఎస్‌సీ కూడా పెరుగుతుంది. ఆ పెరుగుదలను తప్పుపట్టలేం. రాయల్టీలదీ అదే తీరు. అమ్మకం విలువలో అయిదు శాతం రాయల్టీ ఉన్న దేశంలో బంగారం 500 డాలర్లు పెరిగితే, గనిలో ఎవరూ ఏమీ చేయకుండానే ఏఐఎస్‌సీ 25 డాలర్లు పెరుగుతుంది.

ఇంతవరకు చెప్పినవి నిజంగా ఖర్చు మారిన సందర్భాలు. ఖర్చు మారకుండా అంకె మాత్రమే మారే సందర్భాలు కూడా ఉన్నాయి. నాకు ఎక్కువ ఆందోళన కలిగించేవి ఇవే. వరల్డ్ గోల్డ్ కౌన్సిల్ గనుల కంపెనీల సంఘం. ప్రభుత్వ నియంత్రణ సంస్థ కాదు, అకౌంటింగ్ ప్రమాణాలు పెట్టే బోర్డు కాదు. దాని మార్గదర్శకాలు పాటించడం కంపెనీల ఇష్టం. ఏది ఉన్న గనిని నిలబెట్టే ఖర్చు, ఏది విస్తరణ ఖర్చు అన్న గీతను యాజమాన్యమే గీస్తుంది.

గొయ్యిని ఒక పక్కకు వెడల్పు చేయడానికి పది కోట్ల డాలర్ల స్ట్రిప్పింగ్ చేయాలనుకుందాం. ఉత్పత్తి పడిపోకుండా ఉండటానికే ఇది చేస్తున్నామంటే సస్టెయినింగ్ కింద రాయాలి. దీనివల్ల గని జీవితం ఆరేళ్లు పెరుగుతుంది కాబట్టి కొత్త ప్రాజెక్టు లాంటిదే అంటే విస్తరణ కింద రాయొచ్చు. రెండు వాదనలకూ బలముంది. ఏడాదికి నాలుగు లక్షల ఔన్సులు తీసే గనిలో ఈ ఒక్క నిర్ణయం ఏఐఎస్‌సీని 250 డాలర్లు అటో ఇటో జరుపుతుంది. ఖర్చు పెట్టిన నగదు మాత్రం అదే. దీన్ని పట్టుకోవడం కష్టమేం కాదు. ఏఐఎస్‌సీ చక్కగా తగ్గుతూ వస్తోంది, కానీ మొత్తం పెట్టుబడి ఖర్చు పెరుగుతూనే ఉంది, ఆ పెరిగిందంతా విస్తరణ ఖాతాలోనే పడుతోంది, ఏళ్లు గడుస్తున్నా ఉత్పత్తి మాత్రం విస్తరించడం లేదు. ఈ మూడూ కలిసి కనిపిస్తే గీత ఎక్కడ గీశారో అనుమానించాలి. ఇంకో ఉపాయం వాయిదా వేయడం. డబ్బు కటకటగా ఉన్న ఏడాది స్ట్రిప్పింగ్ తగ్గించి, అప్పటికే బయటపడి ఉన్న మంచి ఖనిజాన్ని మాత్రమే తవ్వుకుంటే అంకె ముచ్చటగా కనిపిస్తుంది. రెండేళ్ల తర్వాత ఆ రాయంతా తీయక తప్పదు. 2013 తర్వాత బంగారం ధర పడిపోయి కంపెనీలన్నీ ఖర్చులు తెగ్గోసుకున్న సంవత్సరాల్లో, గనులను నిలబెట్టే పెట్టుబడికి కూడా కోత పడింది. అప్పుడు తగ్గిన ఏఐఎస్‌సీ అంతా సామర్థ్యం వల్లే తగ్గిందనుకోవడం పొరపాటు.

రాగి కలిసొచ్చే గనుల్లో ఈ అంకె ఎంత చిత్రంగా మారుతుందో చూడాలంటే ఆస్ట్రేలియాలోని కేడియా గనిని చూడాలి. న్యూసౌత్‌వేల్స్ రాష్ట్రంలో ఉన్న ఈ భూగర్భ గనిలో బంగారంతో పాటు రాగి విరివిగా దొరుకుతుంది. దాని పాత యజమాని న్యూక్రెస్ట్, రాగి అమ్మగా వచ్చిన సొమ్మునంతా బంగారం ఖర్చులోంచి తీసేసేది. దీన్ని బై ప్రొడక్ట్ పద్ధతి అంటారు. 2020–21లో రాగి ధర మంచి ఊపు మీద ఉండటంతో కేడియా ఏఐఎస్‌సీ సున్నా కంటే కిందికి పోయింది. బంగారం తవ్వినందుకు గని ఎదురు డబ్బిస్తున్నట్టు కనిపించేది. 2023 నవంబరులో న్యూక్రెస్ట్‌ను న్యూమాంట్ కొనేసింది. న్యూమాంట్ తన నివేదికల్లో మొత్తం ఖర్చును బంగారానికీ రాగికీ పంచేది, అది కో ప్రొడక్ట్ పద్ధతి. దాంతో కేడియా బంగారం ఖర్చు సున్నాకు చాలా పైకి వచ్చింది. అదే సొరంగం, అదే రాయి. మారింది యజమాని లెక్కకట్టే తీరు. రెండు పద్ధతులూ నిబంధనలకు లోబడినవే. కానీ బై ప్రొడక్ట్ పద్ధతి పాటించే కంపెనీ ఏఐఎస్‌సీని, కో ప్రొడక్ట్ పాటించే కంపెనీ ఏఐఎస్‌సీ పక్కన పెట్టి ఇది చవక, అది ఖరీదు అనడం చెల్లదు. మొదటి రకం అంకెలో రాగి ధర దాగి ఉంటుంది. రాగి పడిపోయిన ఏడాది, బంగారం గనిలో ఏ మార్పూ లేకుండానే ‘ఖర్చు’ పెరుగుతుంది.

మన దగ్గర ఈ సంగతులతో పనేమిటని అనిపించొచ్చు. విదేశీ బంగారు గనుల షేర్లలో పెట్టుబడి పెట్టే ఫండ్లు మన దేశంలో చాలా ఏళ్లుగా ఉన్నాయి. గోల్డ్ ఈటీఎఫ్ లాంటిదేననుకుని వాటిని కొనేవాళ్లున్నారు. ఈటీఎఫ్‌లో ఉండేది బంగారం, దానికి డీజిలు బిల్లు లేదు. ఈ ఫండ్లలో ఉండేవి న్యూమాంట్, బారిక్, ఆగ్నికో ఈగిల్ లాంటి కంపెనీల షేర్లు. ఇక మన నేలకు వస్తే, కర్నూలు జిల్లా జొన్నగిరిలో ప్రైవేటు రంగంలో బంగారు గని ప్రాజెక్టు ఉంది. దాన్ని చేపట్టిన జియోమైసూర్ సంస్థలో, మన స్టాక్ ఎక్స్చేంజిలో నమోదైన దక్కన్ గోల్డ్ మైన్స్‌కు వాటా ఉంది. అంతకుముందు అనంతపురం ప్రాంతంలోని రామగిరి, చిత్తూరు జిల్లా చిగురుగుంటలో భారత్ గోల్డ్ మైన్స్ తవ్వకాలు సాగించింది. 2001లో కోలారుతో పాటు ఆ సంస్థ కథ ముగిసింది. అప్పట్లో ఔన్సు బంగారం 270 డాలర్ల దరిదాపుల్లో ఉండేది. మూడు వేల మీటర్ల పైగా లోతుకు వెళ్లిపోయిన కోలారులో, మిగిలిన పేద ఖనిజాన్ని పైకి తీసే ఖర్చు దానికి ఎన్నో రెట్లు ఉండేది. రాయిలో బంగారం అయిపోయి గనులు మూతపడవు, ఔన్సు ఖర్చు ఔన్సు ధరను దాటినప్పుడు మూతపడతాయి. ధర పెరిగినప్పుడల్లా కోలారు, రామగిరి మళ్లీ తెరుస్తారన్న వార్తలు రావడానికి కారణం అదే.

కంపెనీ ఫలితాలు చేతికి వచ్చినప్పుడు నేనైతే మొదటి పేజీలోని పెద్ద అక్షరాల దగ్గర ఆగను. చివరి పేజీల్లోకి వెళతాను. అమెరికా, కెనడా కంపెనీలు అకౌంటింగ్ ప్రమాణాల్లో లేని అంకె వాడినప్పుడు, అది ప్రమాణాల్లో ఉన్న అంకె నుంచి ఎలా వచ్చిందో పట్టిక వేసి చూపాలి. ఆ పట్టికలో ఒక్కో గనికి ఒక్కో వరస ఉంటుంది. నిర్వహణ ఖర్చు, రాయల్టీ, హెడ్ ఆఫీసు, సస్టెయినింగ్ పెట్టుబడి ఎంతెంతో విడివిడిగా కనిపిస్తాయి. సస్టెయినింగ్ పెట్టుబడిని గత మూడు నాలుగేళ్లతో పోల్చి, అమ్మిన ఔన్సులు ఎలా మారాయో దాని పక్కన పెట్టుకుంటే, ఏఐఎస్‌సీ పెరగడానికో తగ్గడానికో కారణం పైనున్న ఖర్చా, కింద ఉన్న ఔన్సులా అన్నది పది నిమిషాల్లో తేలిపోతుంది. ఆ తర్వాత ఏడాది మొదట్లో కంపెనీ ఇచ్చిన అంచనాతో పోల్చాలి. అంచనా 1,400 అని చెప్పి మూడో త్రైమాసికం దాకా 1,550 దగ్గరున్న కంపెనీ, చివరి మూడు నెలల్లో అంతా సర్దుకుంటుందని చెబితే, ఆ మూడు నెలల్లో ఎన్ని ఔన్సులు అమ్మితే అది సాధ్యమో లెక్కవేసి చూడండి. చాలాసార్లు ఆ ఔన్సుల సంఖ్య ఆ గని ఎన్నడూ తీయనంత ఉంటుంది.

ఆ పట్టికలో ఎంత వెతికినా దొరకని ఖర్చు ఒకటి ఉంది. ఈ ఏడాది తవ్వి అమ్మేసిన ఔన్సుల స్థానంలో కొత్త ఔన్సులు సంపాదించుకోవడానికి అయ్యేది. న్యూక్రెస్ట్‌ను కొనడానికి న్యూమాంట్ ఇచ్చిన విలువ సుమారు 1,700 కోట్ల డాలర్లు, ఎక్కువ భాగం తన షేర్ల రూపంలో. లిహిర్, కేడియా గనులు అలా వచ్చినవే. వాటిలోంచి తీసే ఏ ఔన్సు ఏఐఎస్‌సీలోనూ ఆ 1,700 కోట్లలో ఒక్క డాలరూ కనిపించదు. అది లాభనష్టాల పట్టీలో తరుగుదల రూపంలో ఏటా కొంచెం కొంచెంగా దిగుతుంది, వాటాదారుడి దగ్గర ఒక్కో షేరుకు ఎన్ని ఔన్సుల నిల్వలు ఉన్నాయన్న లెక్కలో ఒక్కసారిగా కనిపిస్తుంది. అందుకే ఏఐఎస్‌సీ చూశాక, కంపెనీ ఏటా ఫిబ్రవరిలోనో మార్చిలోనో ప్రకటించే నిల్వల పట్టికను తీసి, మొత్తం నిల్వలను షేర్ల సంఖ్యతో భాగించి, అయిదేళ్ల కిందటి అంకెతో పోల్చుకోవాలి.